ఏడో ప్రశ్నకు ఎన్ని మార్కులు

ప్రేమయ్య మార్కులు వేసే తీరు మీద ఆ ట్రైనింగ్ స్కూల్లో రెండు అభిప్రాయాలుండేవి. ఆయన పిసినారి అని చదువుకునేవాళ్లు అనేవాళ్లు. చేతికి ఎముక లేని మనిషి అని తోటి అయివార్లు అనేవాళ్లు. రెండూ నిజం కావు. ఆయనకు తెలిసిందల్లా జవాబును ముక్కలుగా విడదీసి, ఏ ముక్కకు ఆ ముక్క విలువ కట్టడం. దీనికి ఓపిక కావాలి. ఓపిక ఉన్నవాళ్లను లోకం ఎప్పుడూ ఏదో ఒక పేరు పెట్టి పిలుస్తుంది.

పుట్టింది కమలాపురం దగ్గర పల్లెలో. తండ్రి ఏసేపు ఎకరంన్నర మెట్ట చేసుకుంటూ, ఆదివారం గుడి గంట కొట్టేవాడు. మిషన్ వాళ్ల బడిలో చదివి, వాళ్ల ట్రైనింగే అయి, వాళ్ల బళ్లలోనే పాఠాలు చెబుతూ చెబుతూ ప్రేమయ్య పడమరకు జరిగాడు. చివరికి ఆలూరుకు పోయే దారిలో ఉన్న ఈ మిషన్ ట్రైనింగ్ స్కూల్లో ఆరోగ్య శాస్త్రం అయివారుగా కుదురుకున్నాడు. ఇక్కడ చదివి బయటికి పోయేవాళ్లు పల్లెల్లో ఒంటి అయివారు బళ్లు నడపాలి. అక్కడ డాక్టరు ఉండడు, కాంపౌండరూ ఉండడు. కడుపు నొచ్చినా కాలు వాచినా జనం అయివారినే అడుగుతారు. అందుకే ఆరోగ్య శాస్త్రంలో తప్పితే పై ఏడాదికి పంపరు. తప్పినవాళ్లకు ఉపకార వేతనం ఆగిపోతుంది. అది ఆగిపోతే ఇంటికి పోవడమే.

కర్నూలు రాజధానిగా ఉండి, గుడారాల్లో కచేరీలు నడుస్తున్న రోజులవి. ఆ ఏడు జనవరిలో ప్రేమయ్య భార్య జీవమ్మ క్షయతో పోయింది. అంతకుముందు మూడు నెలలు ఆయన సెలవు పెట్టి ఆమె మంచం పక్కనే ఉన్నాడు. సమాధి అయిన మరుసటి సోమవారం బడికి వచ్చాడు. పాఠం చెప్పాడు, అన్నం తిన్నాడు, గుడికి వెళ్లాడు. పలకరించినవాళ్లంతా దేవుడి చిత్తం అన్నారు. నీ చేతిలో ఏముంది అన్నారు. ఆ మాటలు ఆయన చెవిన పడ్డాయి గాని లోపలికి పోలేదు. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. వేలు తెగినా ఒక క్షణం ఆలస్యంగా తెలిసే మనిషి లాగా తిరుగుతూ ఉండేవాడు.

ఏప్రిల్‌లో మొదటి ఏడాది వాళ్లకు పరీక్ష పెట్టారు. ప్రశ్నలు తయారు చేసింది ప్రేమయ్యే. ఏడో ప్రశ్న ఇది: "మీ ఊరిలో ఉన్న ఒక జబ్బును తీసుకొనుము. అది ఎట్లు వచ్చుచున్నదో నీవు కన్నులారా చూచిన సాక్ష్యములతో తేల్చి, నివారణ వ్రాయుము." పది మార్కులు. సాక్ష్యానికి నాలుగు, దాని నుంచి తేల్చిన కారణానికి మూడు, నివారణకు మూడు. ఈ లెక్క పరీక్షకు ముందే ఆయనా, ఇంకో అయివారు దేవేంద్రప్పా కూర్చుని రాసుకున్నారు. పేపర్లు చూశాక లెక్క మారిస్తే అది మార్కులు వేయడం కాదు, మొహాలు చూసి పంచడం అని ప్రేమయ్య నమ్మకం.

పేపర్లు దిద్దుతున్నప్పుడు కూడా ఆయన మనసు కదల్లేదు. కలరా, మలేరియా, గజ్జి, మళ్లీ కలరా. ఆయన సెలవులో ఉన్నప్పుడు దేవేంద్రప్ప చెప్పింది ఆ మూడు పాఠాలే. అందరూ చూసినట్టు రాశారు గాని, చూసింది పుస్తకాన్నే అని రెండో వాక్యానికే తెలిసిపోతోంది. అట్లా దిద్దుకుంటూ పోయి ఈరక్క పేపరు దగ్గర ఆగాడు.

ఈరక్క ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. ఇరవై నాలుగేళ్లుంటాయి. మొగుడు లేడు. కూలి కుటుంబం. తరగతిలో వెనక వరుసలో కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. అడిగినా సగం సార్లు మాట్లాడేది కాదు. వల్లించే ప్రశ్నల్లో ఆమెకు పెన్ను కదలలేదు, రెండు ప్రశ్నలు అసలు ముట్టుకోనే లేదు. మిగిలినవన్నీ కూడితే ఇరవై తొమ్మిది. ముప్పై అయిదు వస్తేనే పాసు. అంటే ఏడో ప్రశ్నకు ఆరు రావాలి. అయిదు వస్తే ఊరికి పోయి కలుపు తీసుకోవాలి.

ఆమె నారికురుపు గురించి రాసింది.

ఆ సీమలో నారికురుపు తెలియనివాళ్లు లేరు. కాలి మీద బొబ్బ లేస్తుంది, అది చితుకుతుంది, లోపలి నుంచి మూరెడు దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తెగిందా, కాలంతా చీము. విత్తనాల కాలంలో ఇంటికొకరు మంచాన పడతారు. పాపమని కొందరు, నాగదోషమని కొందరు, పాడు తిండి అని కొందరు అంటారు.

ఈరక్క వాటి జోలికి పోలేదు. తన ఊరిలో రెండు బావులున్నాయని రాసింది. ఒకటి మెట్లు దిగి నీళ్లు ముంచుకునే దిగుడుబావి, ఇంకోటి గిలకతో చేదుకునే బావి. చేదబావి నీళ్లు తాగే ఇండ్లలో నారికురుపు ఒక్కరికీ లేదు. దిగుడుబావి ఇండ్లలో లేని ఇల్లు లేదు. "నాకు కూడా రెండు మార్లు వచ్చినది" అని రాసింది. ఒకే తిండి తినే అన్నదమ్ములు వేరుపడి, ఒకడు చేదబావి వైపు ఇల్లు కట్టుకుంటే, రెండో ఏటి నుంచి వాడి పిల్లలకు రాలేదట. ఇదొక్కటి చాలు, తిండి మాట, నాగదోషం మాట కొట్టేయడానికి. ప్రేమయ్య కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు.

తరువాత జంగమయ్య ఇంటి సంగతి. వాళ్లు దిగుడుబావి నీళ్లే వాడతారు, అయినా ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. వాళ్లలో, ఊళ్లో మిగతావాళ్లలో తేడా ఏమిటని ఆమె చూసింది. రెండు రాసింది. వాళ్లు పావుకోళ్లు వేసుకుని మెట్లు దిగుతారు. వాళ్లు గుడ్డ కట్టి వడగట్టనిదే నీళ్లు తాగరు.

ప్రేమయ్య ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివాడు. వచ్చేసింది, ఇంక ఒక్క మెట్టు. పేజీ తిప్పాడు.

"కావున పురుగు నీటిలో ఉండి, దిగినవారి పాదము గుండా లోపలికి పోవుచున్నది" అని ఉంది.

నివారణగా, అందరూ పావుకోళ్లు గాని చెప్పులు గాని వేసుకుని దిగాలి అని మొదట రాసింది. పుండు ఉన్నవాళ్లను బావిలో దిగనీయకూడదు, ఎందుకంటే పురుగు పిల్లలు వాళ్ల పుండులోంచే నీళ్లలో పడతాయి అని తరువాత. మెట్లు మూసి, గోడ కట్టి, గిలక వేయించాలి అని ఆఖరున. అన్నింటి కిందా, తోచక రాసినట్టు, ఇంకో రెండు వాక్యాలున్నాయి: "మూడేండ్లుగా మంచము దిగని ఒక ముసలామెకు కూడా నారికురుపు వచ్చినది. ఇది ఎట్లో నాకు తెలియలేదు."

ప్రేమయ్య పెన్ను కింద పెట్టాడు. నీళ్లు తాగిన ఏడాదికి గాని పురుగు బయటపడదు. మూడేళ్లుగా మంచం దిగని మనిషి పాదం గుండా ఎట్లా పోతుంది? తాగితేనే పోవాలి. పుండులోంచి నీళ్లలో పడిన పిల్లల్ని కంటికి ఆనీ ఆనని నీటిపురుగు మింగుతుంది, ఆ నీటిపురుగును మనిషి నీళ్లతో పాటు మింగుతాడు. గుడ్డ కడితే అది గుడ్డలోనే ఆగిపోతుంది. పుస్తకంలో ఉన్నది ఇంతే. చెప్పవలసిన నెలల్లో ఆయన జీవమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. పుస్తకం లేకుండానే ఈ మనిషి గుమ్మం దాకా వచ్చింది, తలుపు తీసే సాక్ష్యం కూడా చేతిలోనే పట్టుకుని ఉంది, పక్క గోడను తట్టి వెళ్లిపోయింది. ఆయనకు కోపం వచ్చింది. జనవరి తరువాత ఆయనకు వచ్చిన మొదటి కోపం అది.

ఏడు వేశాడు. సాక్ష్యానికి నాలుగు, కారణానికి ఒకటి, నివారణకు రెండు.

పాసు గీత దగ్గర ఊగే పేపరును ఇంకో అయివారు కూడా చూడాలనేది ఆ స్కూలు కట్టుబాటు. ఇద్దరికీ పొసగకపోతే సగటు తీయకూడదు. ఎదురెదురుగా కూర్చుని ముక్క ముక్కకూ ఒప్పుకోవాలి. దేవేంద్రప్ప నాలుగు వేసి తెచ్చాడు. బి.ఏ. చదివిన కుర్ర అయివారు. చెడ్డవాడు కాదు, తప్పంటే తప్పే అనే రకం.

"పాదం గుండా పోతాదని రాసింది సార్. తప్పు. దాని మీద కట్టిన నివారణా తప్పే. సాక్ష్యానికి నాలుగూ ఇచ్చినా, ఇంగేం ఇయ్యాల?"

"పొద్దున తిమ్మన్న పేపరుకు ఎన్నేసినాం?" అన్నాడు ప్రేమయ్య.

తిమ్మన్న కూడా నారికురుపే రాశాడు. తాగే నీళ్ల వల్లనే వస్తుందనీ, వడగట్టాలనీ సరిగ్గా రాశాడు. ఎవరి దగ్గర విన్నాడో గాని, చూసిన సాక్ష్యం ఒక్కటీ లేదు.

"నాలుగు. నివారణకు మూడు, కారణానికి ఒకటి."

"ఆ ఒక్కటి ఎందుకేసినాం?"

"మాట నిజం గాబట్టి ఒకటి. తేల్చలేదు గాబట్టి రెండు పోయినాయి."

"అదే కొలతతో ఈమెనూ చూడు. ఈమె మాటలో నిజమెంతుందో చూడు. జబ్బు ఆ బావి నుంచే వస్తాందని తేల్చింది, నిజమే. రోగి పుండు నుంచి బావికి, బావి నుంచి ఇంకొకరికి పోతాందని తేల్చింది, నిజమే. ఒంట్లోకి పోయే దోవ ఒక్కటే తప్పు. మూడిట్లో ఒకటి కూడా రాదా దానికి?"

దేవేంద్రప్ప పేపరు ఇంకోసారి చదివాడు. తొందరపడలేదు. అది ఆయనలోని మంచి గుణం.

"ఒకటి వస్తాది సార్. రెండు రావు. ముసలామె సంగతి ఆమే రాసి, అది తన మాటను కొట్టేస్తాందని చూసుకోలేదు."

"నేనూ ఒకటే వేసినా."

"నివారణ కాడ మాత్రం నేను ఒప్పుకోను. ఈమె రేపు ఊర్లోకి పోయి, చెప్పులేసుకోండి, ఇంగేం భయం లేదు, నీళ్లు తాగండి అని చెప్పిందనుకో. జనం నమ్ముతారు. చెప్పులేసుకుని దిగి, ముంచుకుని తాగుతారు. జబ్బు వస్తాది. అప్పుడు అయివారమ్మ చెప్పింది గదా అంటారు. ఎవరిది సార్ ఆ పాపం?"

ప్రేమయ్య వేసిన రెండులో ఈ భయానికి చోటు లేదు. గిలక వేయించడం సరైనదే, పుండున్నవాళ్లను దిగనీయకపోవడం సరైనదే, కాని ఆమె మొదట రాసింది చెప్పులు. పల్లెలో గోడ కట్టడానికి ఏళ్లు పడుతుంది, చెప్పులు ఆ రోజే వేసుకుంటారు. అక్కడ ముందు జరిగేది తప్పు మాటే.

"నిజమే. ఒకటి తీసేస్తా" అన్నాడు. "రెండోది తీయను. గోడా గిలకా వేస్తే ఆ ఊర్లో నారికురుపు పోతాది. ఏ కారణం అనుకుని వేసినా పోతాది."

దేవేంద్రప్ప జంగమయ్య ఇంటి సంగతి ఉన్న వరుస మీద వేలు పెట్టాడు. "మా ఇంట్లోనూ వడగట్టనిదే చెంబు ముట్టనీదు మా అమ్మ" అన్నాడు. "మడి అనుకున్నా. ఎందుకమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. ఈమె ఆ గుడ్డను చూసి రాసింది. రెండిట్లో తప్పుదాన్ని పట్టుకుంది, అంతే." ఆయన పెన్ను తీశాడు. "నాలుగూ ఒకటీ ఒకటి. ఆరు. అయితే ఒక మాట సార్. తప్పేందో ఆమెకు తెలియకుండా ఈ గడప దాటకూడదు."

"తెలియజేస్తా" అన్నాడు ప్రేమయ్య.

ఆరు. ఇరవై తొమ్మిదీ ఆరూ ముప్పై అయిదు. ఒక్క మార్కు ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఇద్దరూ సంతకాలు చేశారు. ప్రేమయ్యకు సంతోషం వేయలేదు. పని సరిగ్గా అయిందని మాత్రం తెలుసు. ఆయనకు ఆ రోజుల్లో మిగిలిన రుచి అదొక్కటే.

ప్రేమయ్య తప్పు మీద ఇంటూ గీసేవాడు కాదు. తప్పు కింద ఒక ప్రశ్న రాసేవాడు, దానికి జవాబు వెతుక్కుంటే తప్పు దానంతటదే బయటపడాలి. ముసలామె వాక్యాల కింద ఎర్ర సిరాతో రాశాడు: "ఈమె బావికి పోలేదు గదా. మరి ఈమెకు నీళ్లు ఎవరు తెచ్చి యిచ్చిరి?" ఇంతకంటే మంచి ప్రశ్న తను ఎప్పుడూ రాయలేదనుకున్నాడు. నిజంగానే మంచి ప్రశ్న.

ఫలితాలు చెప్పిన రోజు మధ్యాహ్నం పేపర్లు తిరిగి ఇచ్చేశారు. పాసైనవాళ్లు అరుస్తూ మూటలు కట్టుకుంటున్నారు. బస్సుకు ఇంకా పొద్దుంది. ప్రేమయ్య వరండాలో కూర్చుని ఉంటే ఈరక్క పేపరు పట్టుకుని వచ్చింది. పాసైన మనిషి మొహం కాదు అది. తనకు అర్థం కాలేదేమో అనుకుని ఆయన బెంచీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"అయివారూ, పురుగు తాగే నీళ్లతో లోపలికి పోతాది, అంతేనా?"

"అంతే. నువ్వు శానా దగ్గరికి వచ్చినావు. ముసలామె సంగతి నువ్వే రాసినావు గదా, దాన్ని పట్టుకుని ఒక్క అడుగేసింటే..."

"మీరు ఎర్ర సిరాతో అడిగినారు గదా, నీళ్లు ఎవరు తెచ్చిచ్చిరి అని."

"అవును."

"నేనే."

ప్రేమయ్యకు వెంటనే అర్థం కాలేదు. కాగితం మీది ముసలామెకు అంతవరకూ ఆయన దృష్టిలో మొహం లేదు. ఆమె ఒక సాక్ష్యం, నాలుగు మార్కుల్లో ఒక భాగం.

"మా అత్త. గిడ్డమ్మ అని. నడుము విరిగి మంచాన పడింది. కండ్లూ కనపడవు. మొగుడు పోయినాక నన్ను పుట్టింటికి పంపకుండా ఎనిమిదో తరగతి దాకా చదివించింది ఆమే. ఈడికి అర్జీ పెట్టిచ్చింది ఆమే." ఈరక్క గొంతులో ఎగుడుదిగుడు లేదు, పాఠం అప్పజెప్పినట్టే ఉంది. "దినమూ తెల్లారి నేనే పోయి ముంచుకొచ్చేదాన్ని. ఎత్తి కూర్చోబెట్టి, నా చేత్తోనే తాపేదాన్ని. నారి లేచింది. లాగుతాంటే తెగింది. చీము పట్టి, దవడలు బిగుసుకుపోయి, ఎనిమిదో దినం పోయింది."

ఆ రెండు వాక్యాలు ఆమె తోచక రాసినవి కావు. గుడ్డ వైపు ఒక్క అడుగు వేస్తే ఆ చెంబూ, ఆ చెయ్యీ ఎదురు వస్తాయి. ఆమె మనసు పావుకోళ్ల వైపు తిరిగిపోయింది, తిరిగినట్టు ఆమెకే తెలియలేదు. ఇద్దరు అయివార్లు ముక్క ముక్కకూ విలువ కట్టారు గాని ఇది ఏ ముక్కలోనూ లేదు. ప్రేమయ్యకు భయం వేసింది. ఇంత చేసింది తన ఎర్ర సిరా.

తెలియక చేసినావు తల్లీ, అనబోయాడు. నీ చేతిలో ఏముంది, అనబోయాడు. ఆ మాటలు జనవరిలో తన మీద ఎంతమంది పోశారో, ఎన్ని తడపకుండా జారిపోయాయో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"గుడ్డ కట్టి వడగట్టి ఇచ్చింటే రాకపోయేదా అయివారూ?"

ఏమో, చెప్పలేమమ్మా, అనొచ్చు. చాలామంది అంటారు. దయగల అబద్ధం, ఎవరికీ నష్టం లేదు. అయితే జూన్‌లో ఈ మనిషి మళ్లీ వస్తుంది, పై ఏడాది చదువుతుంది, ఏదో ఒక పల్లెలో నలుగురి మధ్య నిలబడి నీళ్లు వడగట్టండి అని చెప్పాలి. అప్పుడు ఆమె గొంతులో ఆ ఏమో ఉండకూడదు.

"రాకపోయేది" అన్నాడు.

"ఎట్లాంటి గుడ్డ?"

"నేత దగ్గరగా ఉండే గుడ్డ. పాత చీర రెండు మడతలేసినా చాలు."

ఈరక్క తల ఊపింది. తరగతిలో పాఠం అర్థమైనప్పుడు ఊపినట్టే ఊపింది. "పాత చీరలు ఇంట్లో ఉండె" అంది. పేపరును నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టింది. ఆమె ఏడుస్తుందేమోనని ప్రేమయ్య చూశాడు. ఏడవలేదు. తనకు బాగా తెలిసిన మొహమే అది, మూడు నెలలుగా గడ్డం గీసుకునే అద్దంలో చూస్తున్నదే.

బస్సు హారన్ మోగింది. ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"తాగేదానితోనే వస్తాదని, మా అత్తకు వచ్చింది చూసి తేల్చి రాసింటే, పదికి పది వేసేవాళ్లా?"

"వేసేవాళ్లం" అన్నాడు ప్రేమయ్య.